కొత్త డిస్ట్రిబ్యూటర్‌కు మొదటి మెసేజ్

నరసరావుపేటలో ఒక కొత్త గోడౌన్ ముందు కొబ్బరికాయ కొట్టి మొదటి లోడు దించిన రోజు నాకు బాగా గుర్తుంది. ఎనభై కేసుల కారప్పొడి, కేసుకు యాభై ప్యాకెట్లు. ఏజెన్సీ తీసుకున్నాయన అంతకుముందు పదేళ్లు బిస్కట్ల వ్యాపారం చేసినవారు, లెక్క తెలిసినవారు. అప్పట్లో నేను ఒక మసాలా పొడుల కంపెనీలో సేల్స్ ఆఫీసర్ని. మూడో రోజు సాయంత్రం ఆయన ఫోన్ చేశారు.

"సార్, కొట్టుకి డెబ్భై అని రాశారు కదా, అది టాక్సుతో కలిపేనా? పైన వేసుకోవాలా?"

"పైన వేసుకోవాలండీ. ఇప్పటిదాకా ఎలా వేశారు?"

కాసేపు అవతల నుంచి మాట రాలేదు. అప్పటికే లైన్ తిరిగి పన్నెండు వందల ప్యాకెట్లు డెబ్భైకే, టాక్సు అందులోనే కలిపి బిల్లు చేసేశారు. కంపెనీ ఆయనకిచ్చిన రేటు 66 రూపాయలు, టాక్సు వేరు. డెబ్భైకి టాక్సు పైన వేసి అమ్మితే ప్యాకెట్టు మీద నాలుగు రూపాయలు మిగులుతుంది. డెబ్భైలోనే అయిదు శాతం జీఎస్టీ ఉందనుకుంటే అసలు ధర 66 రూపాయల 67 పైసలే, అంటే మిగిలేది 67 పైసలు. ఆ మూడు రోజుల్లో 4,800 రూపాయలు రావాల్సిన చోట ఆయనకు దక్కింది 800. అంతకన్నా పెద్ద నష్టం తర్వాతి వారం తెలిసింది. కొట్టువాళ్లు 73 రూపాయల 50 పైసలు ఇవ్వమన్నారు. "మొన్న డెబ్భైకి ఇచ్చి ఇవాళ పెంచుతారేమిటి" అన్నారు. వాళ్ల తప్పు కూడా లేదు.

ఆయనకు మేం ఏమీ చెప్పలేదని కాదు. అన్నీ చెప్పాం. ఏరియా సంగతి మా మేనేజర్ టీ తాగుతూ చెప్పారు. టార్గెట్ మరుసటి రోజు నేను వాట్సాప్‌లో పెట్టాను. రేట్ల పట్టికను ఆఫీసులో ఎవరో ఫొటో తీసి గ్రూపులో వేశారు, అందులో పైవరస తెగిపోయింది. "టాక్సు వేరు" అన్న మాట ఆ తెగిన వరసలో ఉంది. ఎవరికి ఫోన్ చేయాలో అడిగితే మూడు విజిటింగ్ కార్డులు ఇచ్చాం. ఇలా నాలుగు సంగతులు నాలుగు దారుల్లో ఆయన దగ్గరకు చేరాయి. వాటిని ఒకచోట పెట్టి చూసుకునే వీలు ఆయనకు లేకపోయింది.

ఏరియా, టార్గెట్, రేట్లు, ఫోన్ నంబర్లు. ఈ నాలుగింటినీ ఒకే మెసేజ్‌లో, సరుకు బయల్దేరకముందే పంపాలని నేను పట్టుబట్టడం ఆ తర్వాతే మొదలైంది. ఒకేసారి పంపితే మర్యాదగా ఉంటుందని మాత్రమే కాదు. ఈ నాలుగూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఏరియా తెలియకుండా టార్గెట్ సరైనదో కాదో చెప్పలేం. టార్గెట్ తప్పయితే సరుకు పేరుకుంటుంది. పేరుకున్న సరుకు పక్క ఏరియాకు తక్కువ రేటుకు పోతుంది. అలా పోయిన రోజున రేట్ల పట్టికకు విలువ ఉండదు. అప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో తెలియకపోతే తగాదా మొదలవుతుంది.

ఏరియాతో మొదలుపెడదాం. చాలా ఉత్తరాల్లో "గుంటూరు జిల్లా" అనో "నరసరావుపేట మరియు పరిసర ప్రాంతాలు" అనో ఉంటుంది. రెండూ గొడవ పెట్టే మాటలే. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్లగా విడిపోయింది. నరసరావుపేట పల్నాడుకు కేంద్రమైంది. అంతకుముందు రాసుకున్న ఒప్పందంలో గుంటూరు జిల్లా అని ఉంటే అది పాత జిల్లానా, కొత్తదా? తెలంగాణలోనూ ఇదే చిక్కు. 2016 అక్టోబరులో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. "వరంగల్ జిల్లా డిస్ట్రిబ్యూటర్" అన్న మాటకు ఇప్పుడు హద్దేమిటో తేల్చాలంటే ఒప్పందం తేదీ చూడాల్సివస్తుంది.

అందుకే ఏరియాను మండలాల పేర్లతో రాయాలి. నరసరావుపేట పట్టణం, నరసరావుపేట మండలం, రొంపిచర్ల, నకరికల్లు అని రాస్తే సందేహం ఉండదు. ఆ వెంటనే ఏవి తనవి కావో కూడా రాయాలి. చిలకలూరిపేట, వినుకొండ, సత్తెనపల్లి వేరేవాళ్లవి అని ఒక్క వాక్యం ఉంటే, తెలిసిన కొట్టువాడు అక్కడి నుంచి ఫోన్ చేసి సరుకు అడిగినప్పుడు ఏం చెప్పాలో కొత్తవారికి తెలుస్తుంది.

మండలాల పేర్లు రాసినా మిగిలిపోయే సంగతి ఒకటుంది. అదే ఏరియాలో కంపెనీ నేరుగా ఎవరికి అమ్ముతుందో చెప్పకపోవడం. పెద్ద సూపర్ మార్కెట్లకు కంపెనీ తమ గోడౌన్ నుంచే సరుకు పంపుతుంది. హాస్టళ్లకు, క్యాటరింగ్‌వాళ్లకు అయిదు కిలోల సంచులు వేరే రేటుకు పోతాయి. ఇది చెప్పకుండా "ఏరియా మొత్తం మీదే" అంటే, నెల తిరక్కుండానే ఆయన సూపర్ మార్కెట్ అరలో మన ప్యాకెట్టు చూస్తారు, మోసపోయాననుకుంటారు. మొదటి రోజే చెప్పి ఉంటే అది మామూలు విషయం. తర్వాత తెలిస్తే నమ్మకం పోయే విషయం.

ఇక రేట్లు. డిస్ట్రిబ్యూటర్‌కు కావాల్సిన అంకెలు నిజానికి మూడే. కంపెనీ తనకు వేసే ధర, తాను కొట్టుకు వేయాల్సిన ధర, ప్యాకెట్టు మీద అచ్చయిన ఎమ్మార్పీ. 200 గ్రాముల కారప్పొడి తీసుకుంటే, డిస్ట్రిబ్యూటర్‌కు 66 రూపాయలు, టాక్సుతో 69 రూపాయల 30 పైసలు. కొట్టుకు 70, టాక్సుతో 73 రూపాయల 50 పైసలు. ఎమ్మార్పీ 84. ఎమ్మార్పీలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి, దానికి మించి అమ్మడం చట్టవిరుద్ధం. ప్రతి ధరనూ టాక్సు లేకుండా ఒకసారి, కలిపి ఒకసారి, పక్కపక్కన రాస్తే నరసరావుపేటలో జరిగిన తప్పు మళ్లీ జరగదు. పట్టిక పైవరసలో మాత్రమే రాస్తే చాలదు. ఫొటో తీసినప్పుడు తెగేది ఆ వరసే.

మార్జిన్ శాతం చెప్పేటప్పుడు కూడా అది దేని మీద శాతమో చెప్పాలి. "ఆరు శాతం మార్జిన్" అన్నప్పుడు కంపెనీ కొన్న ధర మీద లెక్క వేస్తుంది. బిస్కట్లో, సబ్బులో అమ్మినాయన అమ్మిన ధర మీద లెక్క వేసే అలవాటులో ఉండొచ్చు. నెలకు ఆరు లక్షల సరుకు కొంటే కొన్న ధర మీద ఆరు శాతం 36,000 రూపాయలు. అమ్మిన ధర మీద ఆరు శాతం కావాలంటే మిగలాల్సింది 38,300 దాకా. నెలకు 2,300 తేడా, ఏడాదికి 27,000 పైచిలుకు. ఎవరూ అబద్ధం చెప్పకుండానే ఇద్దరి మధ్యా ఏడాది పొడుగునా సాగే తగాదా ఇది. శాతం బదులు రూపాయల్లో చెబితే, "ప్యాకెట్టుకు మీకు నాలుగు రూపాయలు" అంటే, ఇద్దరి లెక్కా ఒక్కటే.

రేట్ల పట్టికకు తేదీ తప్పనిసరి. కారప్పొడి లాంటి సరుకులో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే మిర్చి యార్డు రేటు కదిలినప్పుడల్లా పొడి రేటూ కదులుతుంది. కొత్త రేటు ఆర్డరు ఇచ్చిన రోజు నుంచా, బిల్లు అయిన రోజు నుంచా, లారీ దిగిన రోజు నుంచా? ఒకటి ఎంచుకుని రాయాలి. రేటు తగ్గినప్పుడు గోడౌన్‌లో ఉన్న పాత సరుకు సంగతేమిటో కూడా రాయాలి. 2025 సెప్టెంబరు 22న సబ్బులు, టూత్‌పేస్టుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు ఊరూరా డిస్ట్రిబ్యూటర్లు అడిగిన మొదటి ప్రశ్న పాత స్టాకు గురించే.

రేట్ల పట్టికలో రాయకూడని మాట కూడా ఒకటుంది. "ఈ రేటుకు తక్కువ అమ్మితే ఏజెన్సీ రద్దు" అని కొందరు ఆఫీసర్లు ఉత్సాహంగా రాసేస్తారు. మళ్లీ అమ్మే ధరను కంపెనీ కట్టడి చేయడం పోటీని దెబ్బతీస్తే 2002 నాటి కాంపిటిషన్ చట్టం కింద తప్పవుతుంది. డీలర్లు ఇచ్చే డిస్కౌంట్లను అదుపు చేసిందని మారుతి సుజుకీకి కాంపిటిషన్ కమిషన్ 2021 ఆగస్టులో 200 కోట్ల జరిమానా వేసింది. కంపెనీ దాని మీద అప్పీలుకు వెళ్లింది. చిన్న మసాలా కంపెనీకి ఆ స్థాయి ఇబ్బంది రాకపోవచ్చు. అయినా ఆ వాక్యం రాయాల్సిన అవసరమే లేదు. కొట్టుకు వేసే ధరను "మేం సూచించే ధర" అని రాస్తే సరిపోతుంది. తక్కువ రేటుకు సరుకు ఎందుకు పోతోందన్న ప్రశ్నకు జవాబు రేట్ల పట్టికలో దొరకదు. టార్గెట్‌లో దొరుకుతుంది.

టార్గెట్ గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మొదటి మెసేజ్‌లో ఎక్కువ అబద్ధం దాగేది ఇక్కడే. "నెలకు ఆరు లక్షలు" అన్న అంకె చాలాసార్లు ఆ ఊరి నుంచి రాదు. మేనేజర్‌కు పైనుంచి వచ్చిన మొత్తాన్ని డిస్ట్రిబ్యూటర్ల సంఖ్యతో భాగిస్తే వస్తుంది. ఊరి నుంచి లెక్క వేస్తే ఎలా ఉంటుందో చూద్దాం. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు లైన్లు, లైనుకు నలభై కొట్లు, మొత్తం 240. లైనుకు వెళ్లిన రోజు నలభైలో ఇరవై కొట్లు ఆర్డరు ఇస్తే, సగటు బిల్లు 900 రూపాయలయితే, రోజుకు 18,000. నెలలో పాతిక రోజులు తిరిగితే నాలుగున్నర లక్షలు. ఇది కొట్టు కట్టే ధర, టాక్సుతో కలిపి. డిస్ట్రిబ్యూటర్ కొనే ధరలో, టాక్సు లేకుండా చూస్తే నాలుగు లక్షలకు కాస్త పైన. ఆ 240 కొట్ల నుంచి ఆరు లక్షలు రావు. కొట్లు పెరగాలి, లేదా బిల్లు పెరగాలి. రెండూ మొదటి నెలలోనే జరిగేవి కావు.

టార్గెట్ అడిగినప్పుడు ఏ అమ్మకం గురించి అడుగుతున్నామో కూడా చెప్పాలి. కంపెనీ డిస్ట్రిబ్యూటర్‌కు అమ్మేది ప్రైమరీ. డిస్ట్రిబ్యూటర్ కొట్లకు అమ్మేది సెకండరీ. కంపెనీ లెక్కల్లో ప్రైమరీ జరిగిన రోజే అమ్మకం అయిపోయినట్టు. కొట్టులోకి వెళ్లేదాకా అది డిస్ట్రిబ్యూటర్ డబ్బు, ఆయన గోడౌన్‌లో ఇరుక్కున్న డబ్బు. మార్కెట్ నాలుగు లక్షలు లాగుతుంటే నెలాఖరున ఫోన్లు చేసి ఆరు లక్షల సరుకు దింపిస్తే, నెలకు రెండు లక్షల సరుకు మిగిలిపోతుంది. మూడు నెలలకు ఆరు లక్షలు. కారప్పొడి పాతబడితే రంగు తగ్గుతుంది, కొట్టువాడు ప్యాకెట్టు చూసి పక్కన పెడతాడు. అప్పుడు ఆయన చేసేది ఒక్కటే. లారీ మాట్లాడి గుంటూరులోనో విజయవాడలోనో హోల్‌సేల్ కొట్టుకు అసలు కన్నా తక్కువకు వదిలించుకుంటారు. ఆ సరుకు వారం తిరక్కుండా వినుకొండ కొట్లలో ప్రత్యక్షమవుతుంది. అక్కడి డిస్ట్రిబ్యూటర్ ఫోన్ చేసి "మా ఏరియాలోకి సరుకు వస్తోంది" అని గొడవ పెడతారు. ప్యాకెట్టు మీద బ్యాచ్ నంబరు ఉంటుంది, ఏ బ్యాచ్ ఎవరి బిల్లులో పోయిందో కంపెనీ దగ్గర రికార్డు ఉంటుంది కాబట్టి ఎవరి సరుకో పట్టుకోవడం కష్టం కాదు. పట్టుకున్నాక తిట్టేది డిస్ట్రిబ్యూటర్‌నే. ఆ సరుకు నెలాఖరున దింపించినవాళ్లను ఎవరూ అడగరు. నేనూ అలా దింపించిన నెలలున్నాయి. అది తప్పు.

పల్నాడు లాంటి చోట టార్గెట్ వేసేవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఇక్కడి ఊళ్లలో ఎండాకాలంలో మిరపకాయలు కొని, తొడిమలు తీసి, ఎండబెట్టి, మరలో పట్టించుకుని ఏడాదికి సరిపడా కారం ఇంట్లోనే దాచుకుంటారు. హైదరాబాద్ కాలనీలో పోయినట్టు అరకిలో ప్యాకెట్టు ఇక్కడ పోదు. చిన్న ప్యాకెట్లు, ధనియాలపొడి, గరం మసాలా పోతాయి. సంవత్సరం పొడుగునా ఒకే అంకె, అన్ని రకాలకూ ఒకే వాటా పెట్టిన టార్గెట్ చూస్తేనే అది ఈ ఊరి కోసం వేసింది కాదని తెలిసిపోతుంది.

కాబట్టి మొదటి మూడు నెలలకు మాత్రమే అంకెలు ఇవ్వాలి. మూడు లక్షలు, మూడున్నర, నాలుగు అనుకుందాం. దాని పక్కనే ఎంత పెట్టుబడి పడుతుందో రాయడం నిజాయితీ. నెలకు నాలుగు లక్షల వ్యాపారానికి మూడు వారాల స్టాకు గోడౌన్‌లో ఉంటే 2 లక్షల 80 వేలు. కొట్లకు రెండు వారాల అప్పు ఇస్తే దాదాపు 1 లక్షా 87 వేలు. మొత్తం 4 లక్షల 67 వేలు చేతిలో ఉండాలి. వచ్చేది నెలకు 24,000 రూపాయల మార్జిన్, అందులోంచే ఆటో, లైన్ కుర్రాడి జీతం, గోడౌన్ అద్దె. కంపెనీలు ఈ లెక్క మొదట్లో చెప్పడానికి జంకుతాయి. ఇది విని వెనక్కి తగ్గే మనిషి ఎలాగూ ఆర్నెల్లలో వదిలేస్తాడు. విని ఒప్పుకున్న మనిషి నిలబడతాడు.

చివరిది, ఎవరికి ఫోన్ చేయాలి. పేర్ల జాబితా ఇస్తే చాలదు. ఏ పనికి ఎవరు, ఏ వేళల్లో, ఎంతలోపు జవాబు, జవాబు రాకపోతే ఆ పైన ఎవరు, ఇవన్నీ ఉండాలి. సరుకు ఆర్డరుకు ఒకరు, లెక్కలకూ క్రెడిట్ నోట్లకూ ఒకరు, డ్యామేజీలకు ఒకరు. డ్యామేజీ సంగతి కాస్త విడిగా చెప్పాలి. లారీ దిగేటప్పుడు కేసు చిరిగినా, తడిసినా, తక్కువున్నా ఆ క్షణంలోనే లారీ రసీదు మీద రాసి డ్రైవర్ సంతకం తీసుకోవాలి. ఫొటోలు తీయాలి. రెండు రోజుల తర్వాత చెబితే ట్రాన్స్‌పోర్టువాళ్లు ఒప్పుకోరు, ట్రాన్స్‌పోర్టు ఒప్పుకోని క్లెయిమును కంపెనీ లెక్కల విభాగం పక్కన పెడుతుంది. కొత్త డిస్ట్రిబ్యూటర్లు మొదటి ఏడాదిలో పోగొట్టుకునే డబ్బులో చాలా భాగం ఈ ఒక్క సంతకం లేకపోవడం వల్లే పోవడం నేను చూశాను.

ఈ భాగంలోనే బ్యాంకు ఖాతా వివరాలు కూడా పెట్టాలి. పేరున్న కంపెనీల పేరుతో నకిలీ ఏజెన్సీలు ఇస్తామని డిపాజిట్లు వసూలు చేసే మోసాలు దేశమంతటా జరుగుతున్నాయి. అచ్చం కంపెనీ ఉత్తరంలాగే ఉత్తరం, సంతకం, ముద్ర ఉంటాయి. డబ్బు మాత్రం ఎవరిదో వ్యక్తి ఖాతాకు పోతుంది. కాబట్టి "మా ఖాతా ఇది ఒక్కటే, మారితే రాతపూర్వకంగా చెబుతాం, ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో చెప్పిన ఖాతాకు డబ్బు వేయకండి" అన్న వాక్యం మొదటి మెసేజ్‌లోనే ఉండాలి. మోసపోయామని తెలిసిన వెంటనే 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఇవన్నీ కలిపితే మెసేజ్ ఎలా ఉంటుందో నరసరావుపేట ఉదాహరణతోనే రాసి చూపిస్తాను.

> నమస్కారం (పేరు) గారూ,
>
> జూన్ 1 నుంచి మీరు నరసరావుపేటలో మా డిస్ట్రిబ్యూటర్. మాతో కలిసి వ్యాపారం చేయడానికి ఒప్పుకున్నందుకు సంతోషం. మీకు కావాల్సిన వివరాలన్నీ ఈ ఒక్క మెసేజ్‌లో ఉన్నాయి. దాచుకోండి.
>
> మీ ఏరియా: నరసరావుపేట పట్టణం, నరసరావుపేట, రొంపిచర్ల, నకరికల్లు మండలాలు. చిలకలూరిపేట, వినుకొండ, సత్తెనపల్లి వేరే డిస్ట్రిబ్యూటర్లవి. అక్కడి కొట్లు అడిగితే మాకు చెప్పండి, వాళ్లకు కలుపుతాం. మీ ఏరియాలో సూపర్ మార్కెట్లకు, హాస్టళ్లకు కంపెనీ నేరుగా ఇస్తుంది. మిగతా కొట్లన్నీ మీవే. ఏరియాలో ఏ మార్పయినా 60 రోజుల ముందు రాసి చెబుతాం.
>
> రేట్లు: పట్టిక జత చేశాం. జూన్ 1 నుంచి అయ్యే బిల్లులకు ఇవే రేట్లు. ఉదాహరణకు 200 గ్రాముల కారం మీకు 66 రూపాయలు, టాక్సుతో 69.30. కొట్టుకు మేం సూచించే ధర 70, టాక్సుతో 73.50. ఎమ్మార్పీ 84. ప్యాకెట్టుకు మీ మార్జిన్ 4 రూపాయలు. కేసుకు 50 ప్యాకెట్లు, కేసు ధర టాక్సుతో 3,465. రేటు తగ్గిస్తే, ఆ రోజు మీ గోడౌన్‌లో ఉన్న స్టాకుకు తేడా మొత్తాన్ని క్రెడిట్ నోట్‌గా ఇస్తాం.
>
> టార్గెట్: జూన్ 3 లక్షలు, జులై 3.5 లక్షలు, ఆగస్టు 4 లక్షలు. ఇవి మీ కొనుగోలు ధరలో, టాక్సు లేకుండా. ఆరు లైన్లు, 240 కొట్ల లెక్క మీద వేశాం. మీ దగ్గర మూడు వారాలకు మించి స్టాకు ఉంటే కొత్త ఆర్డరు పెట్టమని మేం అడగం. సెప్టెంబరు మొదటి వారంలో కూర్చుని తర్వాతి అంకెలు నిర్ణయిద్దాం.
>
> ఫోన్లు: ఆర్డర్లకు (పేరు, నంబరు), ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా. ఆర్డరు ఇచ్చిన మూడో రోజుకు సరుకు చేరుతుంది. లెక్కలకు, క్రెడిట్ నోట్లకు (పేరు, నంబరు). డ్యామేజీకి (పేరు, నంబరు), సరుకు దిగిన రోజే లారీ రసీదు మీద రాయించి ఫొటో పంపండి. రెండు రోజుల్లో ఎవరూ స్పందించకపోతే నేరుగా మేనేజర్‌కు (పేరు, నంబరు) చేయండి.
>
> డబ్బు మా కంపెనీ పేరున ఉన్న (బ్యాంకు, ఖాతా నంబరు) ఖాతాకే వేయండి. ఖాతా మారిందని ఫోన్‌లో ఎవరు చెప్పినా నమ్మకండి.
>
> మీ ఆహార భద్రత లైసెన్సు కాపీ, జీఎస్టీ నంబరు పంపగానే మొదటి లోడు బయల్దేరుతుంది. పైన రాసిన వాటిలో ఏదైనా మనం మాట్లాడుకున్న దానికి తేడాగా ఉంటే సరుకు ఎక్కించకముందే చెప్పండి. అన్నీ సరిగా ఉంటే "సరే" అని జవాబివ్వండి.

ఇది ఒప్పందానికి బదులు కాదు. డిపాజిట్టు, వడ్డీ, రద్దు షరతులు ఒప్పంద పత్రంలోనే ఉండాలి. రెండింట్లో ఒకే ఏరియా, ఒకే తేదీలు ఉన్నాయో లేదో పంపేముందు ఒకసారి చదివి చూసుకోవాలి. ఏరియా పేర్లలో తేడా ఉంటే రేపు గొడవలో రెండు కాగితాలూ బల్ల మీదకు వస్తాయి.

చివరి వాక్యంలో అడిగిన "సరే" చాలా మంది వదిలేస్తారు. జవాబు రాకపోతే ఫోన్ చేసి అడగాలి. ఒక్కోసారి ఆ ఫోన్‌లోనే అసలు సంగతి బయటపడుతుంది. "సార్, సంతమాగులూరు కూడా మాదే అని మేనేజర్ గారన్నారు కదా?" అని అవతలివారు అడుగుతారు. సరుకు దిగకముందు వచ్చిన ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఒక్క ఫోన్ చాలు. సరుకు దిగాక అదే ప్రశ్నను తేల్చడానికి నెలలు పడుతుంది.

మెసేజ్ తెలుగులోనే రాయమంటాను. ఆఫీసు ఇంగ్లిషులో పంపితే ఆయన కొడుకు చేత చదివించుకుంటారు, కొడుకు సగం చెప్పి మిగతాది వదిలేస్తాడు. వాట్సాప్‌లో పంపినా రేట్ల పట్టికను ఫొటోగా కాకుండా పీడీఎఫ్‌గా పంపాలి. మెయిల్‌లో కూడా ఒక కాపీ వేయాలి. ఫోన్ మారితే వాట్సాప్‌లో పాతవి పోవచ్చు, మెయిల్‌లో ఉంటాయి. తర్వాత రేటు మారినప్పుడు కొత్త తేదీతో మొత్తం పట్టికను మళ్లీ పంపాలి. మారిన రెండు వరసలే పంపితే పాత పట్టికలో ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో ఎవరికీ గుర్తుండదు.

పంపిన మెసేజ్ పనిచేసిందో లేదో మొదటి పదిహేను రోజుల్లో వచ్చే ఫోన్లను బట్టి తెలుస్తుంది. "ఫలానా రకం ఇక్కడ పోవట్లేదు, చిన్న ప్యాకెట్లు పంపండి" అంటే మెసేజ్ బాగున్నట్టే. ఆయన వ్యాపారం గురించి మాట్లాడుతున్నారు. "రేటెంత, ఎవరికి చెప్పాలి, ఈ ఊరు మాదేనా" అన్న ప్రశ్నలు వస్తుంటే మెసేజ్‌ను మళ్లీ రాయాలి.

నరసరావుపేటలో ఆ మొదటి నెల పోయిన డబ్బులో కొంత కంపెనీ క్రెడిట్ నోట్‌గా ఇచ్చింది. కొట్లకు 73.50 అలవాటు చేయడానికి నాలుగు నెలలు పట్టింది. ఏజెన్సీ తీసుకోబోతున్నవారికి నాదొక్క మనవి. డిపాజిట్టు చెక్కు రాసేముందు మీ మండలాల పేర్లు, టాక్సుతోనూ లేకుండానూ రాసిన రేట్లు, మూడు నెలల టార్గెట్, పనివారీగా ఫోన్ నంబర్లు, ఈ నాలుగూ ఉన్న ఒకే మెసేజ్ అడగండి. అది చేతికి రాకుండా చెక్కు ఇవ్వకండి.